ఒకే గీత మీద ఢీకొనే లెక్కలు: ఎలాస్టికో కాదో అంకెలతో తేల్చి, చివరి వేగాలు రాబట్టడం ఎలా

విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్లలకు "ఈ అభిఘాతం ఎలాస్టిక్ అవునా, కాదా?" అన్న లెక్క ఇచ్చి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది నాలుగు గతిజశక్తులు వేసి, ముందువి రెండూ కూడి, తర్వాతవి రెండూ కూడి పోలుస్తారు. పద్ధతి తప్పు కాదు. కానీ దాంట్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వేగాలను వర్గం చేయాలి కాబట్టి టైమ్ పడుతుంది. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు చూడాలి మరి. రెండోది అసలు చిక్కు. వర్గం చేయగానే మైనస్ గుర్తు మాయమవుతుంది. దిశ తప్పు రాసినా శక్తి లెక్క నోరెత్తదు, "శక్తి తగ్గింది, కాబట్టి ఇనెలాస్టిక్" అని చెప్పి ఊరుకుంటుంది.

అందుకే నేను పిల్లలకు సాపేక్ష వేగంతో తేల్చమని చెబుతాను. ఢీకొనే ముందు రెండూ ఎంత వేగంగా దగ్గరయ్యాయి, ఢీకొన్నాక ఎంత వేగంగా దూరమయ్యాయి అన్నది చూస్తే చాలు. ఇందులో ద్రవ్యరాశులతో పని లేదు, వర్గాలు లేవు, పైగా దిశ తప్పితే వెంటనే బయటపడుతుంది. ఒక లెక్క తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం.

లెక్క

2 కిలోల బండి A కుడివైపు 5 మీ/సె వేగంతో వెళ్తోంది. ఎదురుగా 3 కిలోల బండి B ఎడమవైపు 2 మీ/సె వేగంతో వస్తోంది. ఢీకొన్నాక A ఎడమవైపు 2 మీ/సె వేగంతో వెనక్కి మళ్లింది. B వేగం ఎంత? ఈ అభిఘాతం ఏ రకం?

ముందు గీత, తర్వాత గుర్తులు

ఒక అడ్డగీత గీసి, ఎడమవైపు A, కుడివైపు B పెట్టండి. కుడి ప్లస్, ఎడమ మైనస్. లెక్కలో ఉన్న "ఎడమవైపు", "వెనక్కి", "ఎదురుగా" అన్న మాటలన్నీ ఈ దశలోనే గుర్తులుగా మారిపోవాలి. ఆ తర్వాత మళ్లీ ప్రశ్న వైపు చూడాల్సిన పని ఉండకూడదు.

```
m1 = 2    u1 = +5    v1 = -2
m2 = 3    u2 = -2    v2 = ?
```

తెలియని వేగానికి గుర్తు ఊహించి పెట్టకండి. B కుడికే పోతుందిలే అని కొందరు ముందే ప్లస్ రాసేస్తారు, ఇంకొందరు మైనస్ తగిలిస్తారు. v2 అని ఊరికే వదిలేస్తే దాని గుర్తు లెక్కలోంచి అదే వస్తుంది.

ఇక్కడే ఒక చిన్న తనిఖీ. A ఎడమన ఉంది కాబట్టి, ఢీకొనాలంటే u1 అనేది u2 కన్నా పెద్దదై ఉండాలి. 5 అనేది −2 కన్నా పెద్దదే, సరిపోయింది. పెద్దది కాకపోతే ఆ రెండూ అసలు ఢీకొనవు. అంటే గీతలో ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థం.

మొమెంటమ్ సమీకరణం

బయటి బలాల ప్రభావం లెక్కలోకి రానంత తక్కువగా ఉంటే, అభిఘాతం ఏ రకమైనా మొత్తం మొమెంటమ్ మారదు. ఎలాస్టిక్‌కీ ఇనెలాస్టిక్‌కీ ఇది ఒక్కటే. కాబట్టి రకం తేలకముందే దీన్ని వాడుకోవచ్చు.

```
m1*u1 + m2*u2 = m1*v1 + m2*v2
2*5 + 3*(-2) = 2*(-2) + 3*v2
4 = -4 + 3*v2
v2 = 8/3 = 2.67
```

ప్లస్ వచ్చింది, అంటే B కూడా వెనక్కి మళ్లి కుడికి పోతోంది. ప్రశ్నలో నాలుగు వేగాలూ ఇచ్చి రకం మాత్రమే అడిగినా ఈ దశను దాటేయకండి. ముందు, తర్వాత మొత్తాలు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. అవి సరిపోకపోతే ఎలాస్టిక్కా కాదా అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు.

రకం తేల్చే దశ

దగ్గరయ్యే వేగం u1 − u2. దూరమయ్యే వేగం v2 − v1. రెండో దాంట్లో వరస తిరగబడటం గమనించండి. దూరమవడమంటే కుడివైపున్న B ముందుకు పోవడం కాబట్టి అక్కడ B వేగంలోంచి A వేగం తీసేస్తాం. దూరమయ్యే వేగాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చేదే ప్రత్యావస్థాన గుణకం, e.

```
e = (v2 - v1) / (u1 - u2)
  = (2.67 - (-2)) / (5 - (-2))
  = 4.67 / 7
  = 0.67
```

e విలువ 1 అయితే ఎలాస్టిక్. 0 అయితే రెండూ అతుక్కుని ఒకే వేగంతో పోయినట్టు, అంటే పూర్తి ఇనెలాస్టిక్. మధ్యలో ఉంటే మామూలు ఇనెలాస్టిక్. మనకు 0.67 వచ్చింది కాబట్టి ఇది ఇనెలాస్టిక్, కానీ అతుక్కోలేదు. న్యూటన్ 17వ శతాబ్దంలోనే లోలకాలకు బంతులు కట్టి, ఢీకొట్టించి ఈ నిష్పత్తిని కొలిచాడు. గట్టిగా చుట్టిన ఉన్ని బంతులకు 5/9, గాజు బంతులకు దాదాపు 15/16 అని రాశాడు. గాజుకే 1 రాలేదంటే, పుస్తకంలో తప్ప బయట కచ్చితమైన ఎలాస్టిక్ ఎంత అరుదో ఊహించుకోండి.

గుంటూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఓసారి అడిగింది: "సార్, ద్రవ్యరాశులే లేని ఈ నిష్పత్తి, శక్తి సంగతి ఎలా చెబుతుంది?" మంచి ప్రశ్న. జవాబు రెండు లైన్లలో ఉంది. మొమెంటమ్ సమీకరణంలో A పదాలను ఒకవైపు, B పదాలను ఇంకోవైపు చేర్చండి. గతిజశక్తి సమానమైనప్పుడు ఆ సమీకరణాన్నీ అలాగే సర్దండి.

```
m1*(u1 - v1)     = m2*(v2 - u2)
m1*(u1^2 - v1^2) = m2*(v2^2 - u2^2)
```

కింది దాన్ని పై దానితో భాగిస్తే ద్రవ్యరాశులు రెండు వైపులా కొట్టుకుపోయి u1 + v1 = v2 + u2 మిగులుతుంది. దీన్ని సర్దితే u1 − u2 = v2 − v1, అంటే e = 1. ద్రవ్యరాశులు లేకుండా పోలేదు, పై లైను రాసినప్పుడే వాటి పని అయిపోయింది. అందుకే మొమెంటమ్ సరిపోయిందని చూశాకే e వైపు వెళ్లాలి. మొమెంటమ్ సరిపోని వేగాలకు కూడా e విలువ 1 రావచ్చు, దాన్ని నమ్మి ఎలాస్టిక్ అని రాయకూడదు.

తప్పు ఎలా బయటపడుతుంది

ఇదే లెక్కను రెండు రకాలుగా చెడగొట్టి చూద్దాం. రెండూ పిల్లల పేపర్లలో తరచూ కనిపించేవే.

మొదటిది, A "ఎడమవైపు" మళ్లింది అన్న మాట వదిలేసి v1 = +2 అని రాయడం. అప్పుడు 4 = 4 + 3·v2, కాబట్టి v2 = 0. గతిజశక్తితో చూస్తే ముందు 25 + 6 = 31 జౌళ్లు, తర్వాత 4 జౌళ్లు. శక్తి తగ్గింది, ఇనెలాస్టిక్ అని రాసేస్తే రకం కూడా సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇప్పుడు e చూడండి: (0 − 2)/7, అంటే −0.29. మైనస్! దూరమయ్యే వేగం మైనస్ అంటే ఢీకొన్నాక కూడా A ఇంకా B వైపే దూసుకుపోతోంది. B ఆగి ఉంటే A దానిలోంచి దూరి అవతలికి పోయిందన్నమాట. బండ్లకు అది కుదరదు. చెక్కదిమ్మెలోంచి తూటా దూసుకుపోయే లెక్కలో మాత్రమే ఈ మైనస్ సహజం. అలాంటి లెక్కలో e వాడకండి, మొమెంటమ్ ఒక్కటే చాలు.

రెండోది, B ఎదురుగా వస్తున్నా u2 = +2 అని రాయడం. అప్పుడు 16 = −4 + 3·v2, v2 = 6.67. e విలువ (6.67 + 2)/(5 − 2) = 2.89. ఒకటి దాటింది. అంటే ఢీకొన్నాక శక్తి పెరిగిందని అర్థం. మధ్యలో నొక్కిపెట్టిన స్ప్రింగ్ విడుదలైందనో, పేలుడు జరిగిందనో ప్రశ్నలో చెబితే తప్ప ఇది జరగదు. అవేవీ లేకుండా e ఒకటి దాటితే నేరుగా గీత దగ్గరికి వెనక్కి వెళ్లి గుర్తులు చూసుకోండి, లెక్క మొత్తం మళ్లీ చేస్తూ కూర్చోకండి.

చివరి వేగాలు రెండూ తెలియనప్పుడు

ఇప్పటిదాకా v1 ఇచ్చారు కాబట్టి పని తేలికైంది. తొలి వేగాలు, e మాత్రమే ఇస్తే (లేదా "ఎలాస్టిక్" అని చెప్పి వదిలేస్తే) తెలియనివి రెండు, సమీకరణాలు రెండు. సాధించవచ్చు. చాలామంది దీనికి పుస్తకంలోని పొడవాటి సూత్రాలు బట్టీపడతారు. పరీక్ష టెన్షన్‌లో m1 − m2 ఎక్కడ, m2 − m1 ఎక్కడ అన్నది తారుమారవుతుంది. వాటి బదులు ద్రవ్యరాశి కేంద్రం వేగం V కనుక్కుని, అక్కడి నుంచి వెళ్లడం నాకు నచ్చిన దారి.

```
V  = (m1*u1 + m2*u2) / (m1 + m2)
v1 = V + e*(V - u1)
v2 = V + e*(V - u2)
```

రెండు బండ్లకూ సూత్రం ఒకటే, u మాత్రమే మారుతుంది. దీని వెనకున్న సంగతి ఇది. V వేగంతోనే పక్కన సాగే మరో బండిలో కూర్చుని చూస్తే మొత్తం మొమెంటమ్ సున్నా. A, B రెండూ ఎదురెదురుగా వచ్చి, ఢీకొని, వచ్చిన దారినే వెనక్కి పోతాయి. వచ్చిన వేగానికి e రెట్లు వేగంతో పోతాయి. ఆ వెనక్కి పోయే వేగానికి మళ్లీ V కలిపితే నేల మీది నుంచి చూసే వేగం వస్తుంది. అంతే.

మన లెక్కలో V = 4/5 = 0.8. e = 1 అనుకుంటే v1 = 0.8 + (0.8 − 5) = −3.4, v2 = 0.8 + (0.8 + 2) = 3.6. సరిచూద్దాం: మొమెంటమ్ −6.8 + 10.8 = 4, గతిజశక్తి 11.56 + 19.44 = 31. రెండూ సరిపోయాయి.

e = 0 అయితే రెండూ 0.8 మీ/సె తో కలిసి పోతాయి. దీంతో మనకు హద్దులు కూడా దొరికాయి. ఈ బండ్లు ఎలా ఢీకొన్నా సరే, A చివరి వేగం −3.4 నుంచి 0.8 మధ్యలో, B చివరి వేగం 0.8 నుంచి 3.6 మధ్యలో ఉండి తీరాలి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో ఈ హద్దులు దాటిన ఆప్షన్లను లెక్క పూర్తి చేయకుండానే కొట్టేయవచ్చు. ఇందాక తప్పుగా వచ్చిన v1 = +2, v2 = 0 రెండూ ఈ హద్దుల బయటే ఉన్నాయి, చూశారా.

యార్డులో వ్యాగన్లు

ఇప్పుడు ఇదే పద్ధతిని విజయవాడ జంక్షన్ వైపు వెళ్లేవాళ్లకు తెలిసిన సీన్ మీద పెడదాం. 60 టన్నుల లోడు వ్యాగన్ గుంటూరు వైపు 2 మీ/సె వేగంతో, అంటే గంటకు 7.2 కిలోమీటర్లతో దొర్లుతూ వచ్చి, ఆగి ఉన్న 20 టన్నుల ఖాళీ వ్యాగన్‌ను తగిలింది. గుంటూరు వైపు ప్లస్ అనుకుందాం. అంకెలు సులువుగా ఉండేలా నేను ఎంచుకున్నవి.

V = 60 × 2 / 80 = 1.5 మీ/సె. వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కప్లర్లు పట్టుకుంటే e = 0, రెండూ కలిసి 1.5 మీ/సె తో సాగుతాయి. కప్లర్ పట్టుకోవాలంటే ఎదురెదురు దవడల్లో కనీసం ఒకటి తెరిచి ఉండాలి. రెండూ మూసి ఉంటే తగిలి విడిపోతాయి. అలా విడిపోయినప్పుడు e = 0.5 అనుకోండి.

```
v1 = 1.5 + 0.5*(1.5 - 2) = 1.25
v2 = 1.5 + 0.5*(1.5 - 0) = 2.25
```

చూడండి, విడిపోయినప్పుడు ఖాళీ వ్యాగన్ తనను కొట్టినదాని తొలి వేగం కన్నా ఎక్కువ వేగంతో పోతోంది. తేలికదాన్ని బరువైనది కొట్టినప్పుడు ఇది మామూలే, తప్పు చేశామేమోనని కంగారుపడి కొట్టేయకండి. e చూడండి: (2.25 − 1.25)/2 = 0.5. సరిగ్గానే ఉంది.

శక్తి సంగతి కూడా ఇక్కడే చూద్దాం. తొలి గతిజశక్తి 120 కిలోజౌళ్లు. కలిసిపోతే మిగిలేది 90, పోయింది 30. ఇంతకన్నా ఎక్కువ పోవడం కుదరదు. ఎందుకంటే ఆ 90 కిలోజౌళ్లు ద్రవ్యరాశి కేంద్రం కదలికలో ఉన్నవి, మొమెంటమ్ నిలిచి ఉన్నంతకాలం వాటిని ఎవరూ ముట్టుకోలేరు. మిగతా 30 మాత్రమే ఖర్చుకు అందుబాటులో ఉంటాయి. అందులో e² వంతు తిరిగొస్తుంది, 1 − e² వంతు వేడిగా, శబ్దంగా, కప్లర్ వెనక ఉండి కుదుపును మింగే డ్రాఫ్ట్ గేర్ రాపిడిలో పోతుంది. e = 0.5 అయితే పోయేది 30 × 0.75 = 22.5 కిలోజౌళ్లు. నేరుగా లెక్కవేసినా 46.875 + 50.625 = 97.5, అంటే తేడా 22.5.

"శక్తి నష్టం ఇంత, చివరి వేగాలు కనుక్కోండి" అన్న ప్రశ్నలకు దీన్నే తిరగేసి వాడాలి. మామూలు దారిలో వెళ్తే వర్గ సమీకరణం వచ్చి రెండు జవాబులు వస్తాయి, ఏది రాయాలో తెలియక ఆగిపోతారు. 30 × (1 − e²) = 22.5 అని రాస్తే e² = 0.25, e = +0.5 లేదా −0.5. మైనస్‌ది లోడు వ్యాగన్ ఖాళీ వ్యాగన్‌లోంచి దూరిపోయిన జవాబు, దాన్ని వదిలేయండి. నష్టం 30 కన్నా ఎక్కువ అని ప్రశ్నలో ఇచ్చి ఉంటే ఆ ప్రశ్నే తప్పు.

ఖాళీ వ్యాగన్‌కు బ్రేకు బిగించి ఉంటే? అప్పుడు పట్టాల ఘర్షణ బయటి బలమే కదా, మొమెంటమ్ నిలుస్తుందా? పట్టాల మీద ఘర్షణ గుణకం 0.1 అనుకుందాం. 20 టన్నులకు ఘర్షణ బలం సుమారు 20 కిలోన్యూటన్లు. తగులుడు 0.2 సెకన్లు సాగిందనుకుంటే అది తినేసే మొమెంటమ్ 4,000 కి.గ్రా·మీ/సె. మొత్తం 1,20,000లో అది మూడు శాతం మాత్రమే. కాబట్టి తగిలిన మరుక్షణం వేగాలకు మన లెక్క దాదాపు సరిపోతుంది. అదే 2 సెకన్ల తర్వాత వేగం అడిగితే 40,000 పోయి ఉంటుంది, మూడో వంతు. అప్పుడు అభిఘాతం వరకే మొమెంటమ్ సూత్రం వాడి, ఆ తర్వాతి కదలికను ఘర్షణతో విడిగా చేయాలి.

ల్యాబ్‌లో కొలిచిన అంకెలైతే

పుస్తకం లెక్కలో e సరిగ్గా 1 వస్తుంది. కొలిచిన అంకెల్లో రాదు. 0.50 కిలోల బండి 0.60 మీ/సె వేగంతో వచ్చి, ఆగి ఉన్న 0.30 కిలోల బండిని కొట్టింది. తర్వాత వేగాలు 0.15, 0.73 అని కొలిచారు. మొమెంటమ్ ముందు 0.300, తర్వాత 0.294. గతిజశక్తి ముందు 0.0900, తర్వాత 0.0856. దాదాపు ఐదు శాతం తగ్గింది. రికార్డులో చాలామంది "ఇనెలాస్టిక్" అని రాసేస్తారు.

కానీ ప్రతి వేగంలోనూ 0.01 అటూఇటూ పొరపాటుకు అవకాశముంటే? దూరమయ్యే వేగం 0.58. రెండు వేగాల తేడా కాబట్టి అది 0.56 నుంచి 0.60 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. దగ్గరయ్యే వేగం 0.59 నుంచి 0.61 వరకు. అంటే e కనిష్ఠం 0.56/0.61 = 0.92, గరిష్ఠం 0.60/0.59 = 1.02. ఈ హద్దుల్లో 1 కూడా ఉంది. ఈ కొలతలతో ఇది ఎలాస్టిక్ కాదని చెప్పలేం, అవునని కూడా గట్టిగా చెప్పలేం. శక్తి లెక్కలో తేడా పెద్దగా కనిపించడానికి కారణం వర్గమే. వేగంలో ఒక శాతం పొరపాటు శక్తిలో రెండు శాతం అవుతుంది. మొమెంటమ్ కూడా రెండు శాతం తప్పిందంటే, కొలతల్లోనే ఆ మాత్రం పొరపాటు ఉందని గానీ, ట్రాక్ రాపిడి కొంత తినేసిందని గానీ అనుకోవాలి.

రికార్డులో e = 0.97 అని రాసి, పక్కన 0.92 నుంచి 1.02 అని హద్దులు కూడా రాయండి. e విలువ 0.80 లాంటిది వచ్చి, దాని పై హద్దు కూడా 1 కన్నా బాగా కిందే ఉంటే అప్పుడు ఇనెలాస్టిక్ అని ధైర్యంగా రాయొచ్చు.